బొమ్మను చూశారా, అక్షరాన్ని చూశారా?

మా బడికి టీవీ వచ్చిన ఏడాది నాకు చాలా సంతోషమైంది. ఒకటో తరగతి పిల్లలకు రోజూ ఉదయం అరగంట అక్షరాల పాటలు వేసేవాణ్ణి. అక్షరం గెంతుకుంటూ వస్తుంది, పక్కన బొమ్మ వస్తుంది, వెనకాల డోలు మోగుతుంది. పిల్లలు కదలకుండా చూసేవాళ్లు. నెల తిరక్కుండానే పాటలన్నీ నోటికి వచ్చేశాయి. తనిఖీకి వచ్చిన ఆయన ముందు పద్నాలుగు మందీ ఒక్క గొంతుతో పాడితే, ఆయన నా భుజం తట్టి వెళ్లారు.

మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి, బొమ్మ లేకుండా అక్షరం ఒక్కటే పలక మీద రాసి ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. ముగ్గురే సరిగ్గా చెప్పారు. మిగతావాళ్లు పాట మొదటినుంచి ఎత్తుకుని, ఆ అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ ఆగాలో తెలియక నా మొహం చూశారు. ఒక పాప మాత్రం ‘నీ’ చూసి ధైర్యంగా ‘ఏ’ అంది. తప్పు అన్నాను. ఆ పాప తప్పు చెప్పలేదని నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు, ఇలాంటి కార్యక్రమాలు ఎలా పుట్టాయో, వాటిని తయారు చేసినవాళ్లు ఏం చూసుకున్నారో చెప్పాలి. వాళ్లు చూసుకున్నదాన్ని వదిలేసి, పైపై రూపాన్ని మాత్రం మనం తెచ్చుకున్నామన్నది నా ఫిర్యాదు.

చిన్నపిల్లలకు టీవీలో అక్షరాలు, అంకెలు, నడవడిక నేర్పే కార్యక్రమాల్లో లోకమంతా ఎక్కువగా అనుసరించింది అమెరికాలోని సెసమీ స్ట్రీట్‌ను. 1966లో న్యూయార్క్‌లో టీవీ కార్యక్రమాలు తీసే జోన్ గాంజ్ కూనీ ఇంట్లో ఒక రాత్రి భోజనాల దగ్గర దీని గురించి మాట మొదలైంది. అక్కడికి వచ్చిన లాయిడ్ మోరిసెట్ మనస్తత్వశాస్త్రం చదివినవాడు, కార్నెగీ అనే దాతృత్వ సంస్థలో పని చేసేవాడు. ఆయన చిన్న కూతురు తెల్లవారుజామునే లేచి, కార్యక్రమాలు ఇంకా మొదలు కాకముందే టీవీ ముందు కూర్చునేది. ప్రకటనల పాటలు ఆమెకు నోటికి వచ్చేవి. ప్రకటన పాట అంత తేలిగ్గా పట్టుబడుతున్నప్పుడు అక్షరం ఎందుకు పట్టుబడదు అన్నది వాళ్ల ప్రశ్న. బడికి రాకముందే వెనకబడిపోతున్న పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు వాళ్ల మనసులో ఉన్నారు.

1968 వేసవిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జెరాల్డ్ లెసర్ పెద్దరికంలో అయిదు సదస్సులు జరిగాయి. పంతుళ్లు, మనస్తత్వశాస్త్రవేత్తలు, బొమ్మలాడించేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ‘పిల్లలకు అక్షరజ్ఞానం కలిగించాలి’ లాంటి పెద్ద మాటతో వాళ్లు సరిపెట్టలేదు. అక్షరం చూపిస్తే పేరు చెప్పగలగాలి, పేరు చెబితే కొన్ని అక్షరాల్లోంచి ఆ అక్షరాన్ని ఎంచి చూపగలగాలి అని, పరీక్షించడానికి వీలైన మాటల్లో రాసుకున్నారు. నేను పలక మీద ఒక్క రోజు చేసిన పనిని వాళ్లు చిత్రం తీయకముందే ప్రశ్నగా పెట్టుకున్నారన్నమాట. కార్యక్రమం 1969 నవంబరు 10న మొదలైంది.

తీసిన ముక్క పనికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు వాడిన పద్ధతి చాలా సులువైనది. పసిపిల్లల కేంద్రానికి వెళ్లి ఒక పిల్లవాణ్ణి టీవీ ముందు కూర్చోబెడతారు. పక్కనే ఇంకో తెర మీద రంగురంగుల బొమ్మలు ఏడున్నర సెకన్లకొకటి మారుతూ ఉంటాయి. పిల్లవాడికి అటు చూడాలనిపిస్తే అటు చూడొచ్చు, ఇటు చూడాలనిపిస్తే ఇటు చూడొచ్చు. పక్కన కూర్చున్న మనిషి పిల్లవాడి కళ్లనే చూస్తూ, టీవీ వైపు ఉన్నంతసేపూ ఒక మీట నొక్కి పట్టుకుంటాడు. అలా చాలామంది పిల్లలను చూశాక, ఏ క్షణంలో కళ్లు నిలిచాయో, ఏ క్షణంలో పక్కకు పోయాయో గీత గీసినట్టు తెలిసిపోతుంది.

1969 జూలైలో ఫిలడెల్ఫియాలో పిల్లలకు చూపించిన నమూనా భాగాల్లో ఒక విచిత్రం బయటపడింది. బొమ్మలు, కార్టూన్లు వచ్చినప్పుడు కళ్లు నిలిచాయి. వీధిలో మనుషులు మాట్లాడుకునే భాగాలు వచ్చేసరికి కళ్లు పక్కకు పోయాయి. నిజం మనుషులను, తోలుబొమ్మల్లాంటి ఊహాప్రాణులను ఒకేచోట చూపితే పసిపిల్లలు తికమకపడతారని నిపుణులు చెప్పినందువల్ల వీధి భాగాల్లో బొమ్మలు పెట్టలేదు. పిల్లల కళ్లు అది నిజం కాదని చెప్పాయి. అప్పుడు బొమ్మలు చేసే జిమ్ హెన్సన్ బృందం వీధిలో మనుషుల మధ్య తిరగడానికి బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపు పక్షిని, చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్‌ను తయారు చేసింది. ఈ రోజు ఆ కార్యక్రమం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే పక్షి, పెద్దల సలహాను పక్కన పెట్టి పిల్లల చూపును నమ్మినందువల్ల పుట్టింది. అక్షరాల కోసం తీసిన ‘ద మ్యాన్ ఫ్రమ్ ఆల్ఫబెట్’ అనే గూఢచారి హాస్య భాగాలు పిల్లలకు పట్టలేదని తేలాక వాటిని పక్కన పడేశారు. ఖర్చయింది కదా అని వాటిని ప్రసారం చేయలేదు.

అయితే చూపు నిలవడం వేరు, నేర్చుకోవడం వేరు. నా తరగతిలో పద్నాలుగు జతల కళ్లూ తెర మీదే ఉన్నాయి, నేర్చుకున్నది మాత్రం ముగ్గురు. ఈ తేడా ఎక్కడుందో తెలియాలంటే వాళ్ల అక్షరం ముక్క ఒకటి తీసుకుని చూడాలి.

కెర్మిట్ అనే కప్పబొమ్మ ఇంగ్లీషు అక్షరం డబ్ల్యూ గురించి పాఠం చెబుతూ ఉంటుంది. పక్కన ఆ అక్షరం నిలబడి ఉంటుంది. ఎప్పుడూ బిస్కెట్ల కోసం తిరిగే కుకీ మాన్‌స్టర్ వచ్చి అక్షరాన్నే కొరుకుతాడు. నాలుగు గీతల డబ్ల్యూలో ఒక గీత పోయి ఎన్ అవుతుంది. ఇంకోసారి కొరికితే రెండు గీతల వి మిగులుతుంది. మళ్లీ కొరికితే ఒక్క గీత ఐ. పాఠం చెబుతున్న కప్ప ప్రతిసారీ కంగారుపడి మాట మార్చుకోవాల్సి వస్తుంది. పిల్లలు నవ్వేది కొరకడం చూసే, కాని కొరికేది అక్షరాన్నే. నవ్వు ఎక్కడుందో పాఠం కూడా అక్కడే ఉంది. నవ్వాలంటే అక్షరం ఆకారాన్ని చూసి తీరాలి. ఏ గీత పోతే ఏ అక్షరం మిగులుతుందో కన్ను పట్టుకుంటుంది.

మా టీవీలో వచ్చిన పాటలో నవ్వు ఎక్కడుంది? అక్షరం తెర మధ్యలో కదలకుండా ఉంటుంది. పక్కన ఏనుగు తొండంతో నీళ్లు చల్లుతుంది, కోతి దూకుతుంది. పిల్లలు కోతిని చూస్తారు. అక్షరాన్ని చూడకుండానే పాట మొత్తం ఆనందించవచ్చు. పైగా మన తెలుగు అక్షరాల్లో తికమక అంతా చిన్న గీతల్లోనే ఉంది. ‘ప’ పొట్టలో గీత పెడితే ‘ష’, కింద గీత పెడితే ‘ఫ’. ‘ద’ కింద గీత పెడితే ‘ధ’, అందులో చుక్క పెడితే ‘థ’. ఆ చుక్కనో ఆ గీతనో ఎవడో దొంగిలించి పారిపోయే కథ తీస్తే మా పిల్లలు కడుపుబ్బ నవ్వుతారు, అక్షరమూ పట్టుకుంటారు. వర్ణమాల వరసలో ఒక్కొక్క అక్షరాన్ని పది సెకన్లు చూపి దాటిపోయే పాటలో ఆ పనికి చోటే లేదు.

ఇంకో విషయం, ఆగడం. జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే నటుడు ఇంగ్లీషు అక్షరాలు చెప్పే చిన్న చిత్రం ఒకటి సెసమీ స్ట్రీట్‌లో ఉంది. ఆయన గొంతు గంభీరంగా ఉంటుంది, ఒక్కో అక్షరానికీ మధ్య చాలాసేపు ఆగుతాడు. తెర మీద అక్షరం ముందు వస్తుంది, ఆయన పేరు తరువాత చెబుతాడు. పిల్లలు దీన్ని మళ్లీ మళ్లీ చూస్తుంటే ఏం జరిగిందో పరిశోధకులు రాసిపెట్టారు. మొదట పిల్లలు ఆయనతో పాటు చెప్పారు. తరువాత అక్షరం కనపడగానే ఆయనకంటే ముందు చెప్పారు. ఆ తరువాత అక్షరం రాకముందే, రాబోయే అక్షరం పేరు చెప్పారు. ఆ నిశ్శబ్దం పిల్లవాడి వంతు. డోలు ఆగకుండా మోగే పాటలో పిల్లవాడికి వంతు రాదు. పాడటమే వాడి పని అవుతుంది.

ఇక నడవడిక సంగతి. అక్షరం వచ్చిందో లేదో పలక మీద తేలుతుంది. మర్యాద, దయ, ధైర్యం వచ్చాయో లేదో తేల్చడం కష్టం. మొదటి ఏడాది చేసిన పెద్ద పరీక్షల్లో కూడా ముఖ్యంగా కొలిచింది అక్షరాలు, అంకెలు, ఆకారాలు, శరీర భాగాలు, వస్తువులను జతపరచడం లాంటివే. కానీ ఈ విషయంలో వాళ్లు చేసిన ఒక పనిని నేను గౌరవిస్తాను. 1992లో తల్లిదండ్రులు విడిపోవడం గురించి ఒక భాగం తీశారు. బిగ్ బర్డ్ స్నేహితుడైన స్నఫీ అనే పెద్ద బొచ్చు జంతువు ఇంట్లో అమ్మానాన్నా విడిపోతున్నారు. నిపుణులు చూశారు, కథ జాగ్రత్తగా రాశారు, తీశారు. ప్రసారానికి ముందు చిన్నపిల్లలకు చూపించి ప్రశ్నలు అడిగారు. అమ్మానాన్నా పోట్లాడుకుంటే ఇక విడిపోతారని కొందరు పిల్లలు అర్థం చేసుకున్నారు. స్నఫీకి నాన్న ఇక కనిపించడని కొందరు అనుకున్నారు. ధైర్యం చెప్పాలనుకున్న కథ భయం నేర్పింది. ఆ భాగాన్ని వాళ్లు ప్రసారం చేయలేదు. మంచి ఉద్దేశం ఉంటే చాలు అనుకోకుండా, పిల్లలకు ఏం అందిందో అడిగి చూశారు.

అన్నిసార్లూ అలా ముందే పట్టుకోలేకపోయారు కూడా. మొదటి ఏళ్లలో రూజ్‌వెల్ట్ ఫ్రాంక్లిన్ అనే ఊదారంగు బొమ్మ పిల్లవాడు ఉండేవాడు. కార్యక్రమంలో గోర్డన్ పాత్ర వేసిన మాట్ రాబిన్సన్ అనే నల్లజాతి నటుడే వాడికి గొంతు ఇచ్చాడు. మన పిల్లలు మాట్లాడినట్టు మాట్లాడే ఒక తెలివైన పిల్లవాడు ఉండాలన్నది ఆయన కోరిక. కాని ఆ పిల్లవాడి తరగతి గది గోలగోలగా ఉండటం చూసి, మా పిల్లలంటే అల్లరివాళ్లన్న ముద్ర పడుతుందని నల్లజాతి పెద్దలే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ బొమ్మ కొన్నేళ్లకే కనిపించకుండా పోయింది. ఎవరి మాట సరైనదో నేను తేల్చలేను. నడవడిక నేర్పే కథలో ‘నడవడిక లేనివాడు’ ఒకడు ఉండక తప్పదు. వాడు ఎవరిలా ఉన్నాడు, ఎవరి యాసలో మాట్లాడుతున్నాడు అన్న ప్రశ్న అక్కడ వేయగల మనుషులు ఉన్నారు, వాళ్ల మాట వినిపించింది.

మా తరగతిలో ఒక రోజు శుభ్రత మీద వీడియో వేశాను. చేతులు కడుక్కునే పిల్లవాడు తెల్లగా, చొక్కా వేసుకుని ఉన్నాడు. కడుక్కోనివాళ్లు ఆకులు కట్టుకుని, నల్లగా, అరుచుకుంటూ అడవిలోంచి వచ్చారు. ఒక అబ్బాయి లేచి, “సార్, వాళ్లెవరు?” అన్నాడు.

“అడవిలో ఉండేవాళ్లు” అన్నాను, ఆలోచించకుండానే.

“మనం కూడా అడవిలోనే ఉంటాం గదా సార్?”

టీవీ కట్టేశాను. చేతులు కడుక్కోవడం గురించి ఆ రోజు వాళ్లు ఏం నేర్చుకున్నారో నాకు తెలియదు. తమ గురించి తెర ఏమనుకుంటుందో మాత్రం ఒకడు నేర్చుకున్నాడు. ప్రసారం కాకముందు ఆ వీడియోను ఏ గూడెంలో ఒక్కసారి చూపించినా ఈ ప్రశ్న వచ్చేది.

ఇంతకూ సెసమీ స్ట్రీట్ ఎవరి కోసం మొదలైందో వాళ్లకు మేలు చేసిందా? దీని మీద వాదం ఇప్పటికీ ఉంది. మొదటి ఏడాది పరీక్షల్లో ఎక్కువ చూసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని తేలింది. 1975లో థామస్ కుక్, ఆయన తోటివారు ఆ లెక్కలనే మళ్లీ పరిశీలించారు. పరీక్షలో చేరిన కొన్ని ఇళ్లకు మనుషులు వెళ్లి, పిల్లల చేత చూపించమని తల్లులను ప్రోత్సహించారు. ఎవరూ వెళ్లి చెప్పని ఇళ్లలో లాభం అంతగా లేదని వాళ్లు చూపారు. కలిగిన ఇళ్ల పిల్లలు కూడా దీన్ని బాగా చూస్తారు కాబట్టి, తేడా తగ్గడానికి బదులు పెరగొచ్చని కూడా అన్నారు. 2019లో మెలిసా కియర్నీ, ఫిలిప్ లెవీన్ అనే ఆర్థికవేత్తలు వేరే దారిలో చూశారు. అప్పట్లో కొన్ని ప్రాంతాల్లో ఈ ప్రసారం బాగా అందేది, కొన్నిచోట్ల అందేది కాదు. బాగా అందిన ప్రాంతాల పిల్లలు, ముఖ్యంగా నల్లజాతి పిల్లలు, బడిలో వయసుకు తగిన తరగతిలో ఉండటం ఎక్కువగా కనిపించింది. పెద్దయ్యాక ఎంత చదివారన్నదాంట్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఈ రెండింటినీ కలిపి చదివితే ఒక పంతులుగా నాకు అర్థమైంది ఇది: మొదటి మెట్టు ఎక్కడానికి తెర సాయం చేస్తుంది, కాని పక్కన మనిషి ఉన్న ఇంట్లో ఆ సాయం ఎక్కువ అందుతుంది. మా గూడేల్లో తల్లిదండ్రులు పొద్దున్నే పోడుకు వెళతారు. తెర పక్కన ఉండాల్సిన ఆ మనిషిని నేనే. నేను మాత్రం టీవీ పెట్టి హాజరుపట్టీ రాసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు ‘నీ’ చూసి ‘ఏ’ అన్న పాప సంగతి. మా వైపు కోయలో నీళ్లను ‘ఏరు’ అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు, మాకు నీళ్లు. టీవీ పాటలో ‘నీ’ పక్కన నీళ్ల కుండ బొమ్మ ఉంది. బొమ్మ పేరులో మొదటి శబ్దమే అక్షరం పేరు అని ఆ పాట నేర్పుతుంది. పాప ఆ సూత్రాన్ని చక్కగా పట్టుకుంది. కుండలో నీళ్లు చూసింది, ‘ఏరు’ అనుకుంది, ‘ఏ’ అని చెప్పింది. నోటికి వచ్చిన పాట పాడిన పది మంది కంటే ఆమె ఎక్కువ ఆలోచించింది. నేను తప్పు అన్నాను. ఆ తరువాత చాలా రోజులు ఆమె నోరు తెరవలేదు. ఇల్లును మేము ‘లోన్’ అంటాం. ‘ఇ’ పక్కన ఇల్లు బొమ్మ చూసినప్పుడు కూడా ఆమెకు అదే చిక్కు వచ్చి ఉంటుంది. కాని అప్పటికి ఆమె చెప్పడం మానేసింది.

బొమ్మ పక్కన అక్షరం పెట్టే పద్ధతి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికే పని చేస్తుంది. సెసమీ స్ట్రీట్‌కూ ఈ చిక్కు ఎదురైంది. తమ ఇళ్లు, తమ మనుషులు అందులో లేరని స్పానిష్ మాట్లాడేవాళ్లు అడిగారు. 1971లో మారియా, లూయిస్ అనే పాత్రలు వీధిలోకి వచ్చాయి, కొన్ని స్పానిష్ మాటలూ వచ్చాయి. అయినా అది ఇంగ్లీషు వీధే, స్పానిష్ అక్కడ చుట్టంగా వచ్చింది. వేరే దేశాలు తమ భాషల్లో తీసుకున్నప్పుడు అక్కడి పంతుళ్లు, కథకులు కూర్చుని కొత్తగా రాసుకున్నారు. మన దేశంలో 2006లో ‘గలీ గలీ సిమ్ సిమ్’ అలాగే హిందీలో వచ్చింది. చమ్‌కీ అనే పాప, బూంబా అనే సింహం అందులో ఉన్నారు. ఆ వీధి కూడా మా గూడేనికి చాలా దూరం.

నేను చేయగలిగింది చిన్నది. మళ్లీ ఏడాది పాటలు వేయడం మానలేదు, వేసే తీరు మార్చాను. ప్రతి అక్షరం దగ్గరా ఆపుతాను. బొమ్మ ఉన్న సగం తెరకు అట్ట అడ్డం పెడతాను. పిల్లలు చెప్పేదాకా నేను చెప్పను. బొమ్మ తీశాక దాన్ని ఇంట్లో ఏమంటారో అడుగుతాను, మా మాట ఏ అక్షరంతో మొదలవుతుందో పలక మీద రాస్తాను. ఏరు మాటతోనే ‘ఏ’ నేర్పాను. ‘నీ’ దగ్గర తెలుగులో ఏరును నీరు అంటారని చెప్పాను. ఒక వీడియో కొత్తగా వేసేముందు ఇద్దరు పిల్లలకు చూపి, “వీళ్లెవరు? ఏం చేస్తున్నారు?” అని అడిగి, వాళ్లు చెప్పింది విన్నాకే తరగతికి వేస్తాను. కొన్ని వేయలేదు. ఏడాది చివర పలక పరీక్షలో అందరూ అన్నీ చెప్పలేదు. ‘ధ’, ‘థ’ దగ్గర ఇప్పటికీ తడబడతారు. తనిఖీ రోజున పాట కూడా మునుపటంత గట్టిగా రాలేదు.

ఆ పాప ఇప్పుడు రెండో తరగతి. ఆమెను పిలిచి, ఆ రోజు నువ్వు చెప్పింది సరైనదే, తప్పు నాది అని చెప్పాను. ఆమెకు ఆ రోజే గుర్తులేదు. పలక తీసుకుని ‘ఏరు’ అని రాసింది, కింద ‘నీరు’ అని రాసింది. “రెండూ ఒకటే సార్” అంది.